పిల్లల వయొలిన్, గిటార్ సైజులు: చేతి కొలత చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

పిల్లలకు వయొలిన్ కొనడానికి దుకాణానికి వెళ్ళిన తల్లిదండ్రులకు మొదట ఎదురయ్యేది ఒక భిన్నం. ఒకదాని మీద 1/2 అనీ, ఇంకొకదాని మీద 3/4 అనీ చీటీ అంటించి ఉంటుంది. హాఫ్ సైజు అన్నారు కాబట్టి అది పెద్ద వయొలిన్‌లో సగం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సగం ఎక్కడా కనబడదు. మెడను వదిలేసి బాడీని మాత్రమే కొలిస్తే, ఫుల్ సైజు అనే 4/4 వయొలిన్ పొడవు సుమారు 35.5 సెంటీమీటర్లు, హాఫ్ సైజుది 31 నుంచి 32 దాకా ఉంటుంది. అంటే తగ్గింది సగం కాదు, ఇంచుమించు తొమ్మిదో వంతు. పావు సైజు వయొలిన్ బాడీ కూడా 28 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది; అది పెద్దదానిలో నాలుగో వంతు కాదు, దాదాపు ఐదింట నాలుగు వంతులు. పొడవులో కాకపోతే లోపలి ఘనపరిమాణంలోనైనా ఆ భిన్నం సరిపోతుందేమోనని లెక్క కడితే, హాఫ్ సైజు ఘనపరిమాణం పెద్దదానిలో సుమారు పదింట ఏడు వంతులు వస్తుంది. కాబట్టి ఈ భిన్నాలను చెప్పుల నంబర్లలాగా వరసను సూచించే పేర్లుగా తీసుకోవాలే తప్ప లెక్కగా తీసుకోకూడదు. పైగా ఒకే పేరున్న వయొలిన్లు కూడా ఒక తయారీదారుకూ ఇంకొకరికీ కొన్ని మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి.

పేరు కొలత కానప్పుడు పిల్లకు ఏది సరిపోతుందో తేల్చడానికి వయసూ పనికిరాదు. ఎనిమిదేళ్ళ పిల్లలు పదిమందిని వరసలో నిలబెడితే వాళ్ళ ఎత్తుల్లో పది, పదిహేను సెంటీమీటర్ల తేడా కనిపిస్తుంది. అందుకే వయొలిన్ గురువులు, దుకాణదారులు చేతి పొడవును కొలుస్తారు. ఎడమ వైపు మెడ భుజంతో కలిసే చోటి నుంచి, చాపిన ఎడమ చేతి అరచేయి మధ్య వరకు టేపు పెట్టి, వచ్చిన అంకెను ఒక పట్టికలో చూస్తారు. ఎక్కువగా వాడే పట్టికల ప్రకారం ఈ కొలత 45 నుంచి 51 సెంటీమీటర్ల దాకా ఉంటే పావు సైజు, 51 నుంచి 56 దాకా హాఫ్, 56 నుంచి సుమారు 59.5 దాకా 3/4, ఆ పైన ఫుల్ సైజు. పట్టికకూ పట్టికకూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా ఉంటుంది.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే పట్టికను కంఠతా పట్టవలసిన పని ఉండదు. మెడ చివర చుట్ట తిరిగి ఉండే స్క్రోల్ కొస నుంచి కింది అంచు దాకా వయొలిన్ మొత్తం పొడవును కొలిచి చూడండి. ఫుల్ సైజు సుమారు 59.5 సెంటీమీటర్లు, 3/4 సైజు 55.5, హాఫ్ 52, పావు 47.5 దగ్గర వస్తాయి. పట్టికలోని హద్దులు వీటికి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించవచ్చు. అంటే పట్టిక అడిగే ప్రశ్న ఒక్కటే: మెడ దగ్గర మొదలైన వయొలిన్, చేయి చాపితే అరచేతిలోకి వచ్చి ముగుస్తుందా? టేపు లేకుండా గురువులు చేసే పరీక్ష కూడా ఇదే. వయొలిన్‌ను పిల్ల భుజం మీద వాయించే స్థితిలో పెట్టి, ఎడమ చేతిని దాని కింద నుంచి చాపించి, స్క్రోల్ చివర వేళ్ళు చుట్టుకునేలా పట్టుకోమంటారు. మోచేయి కొద్దిగా వంగి ఉండగానే వేళ్ళు స్క్రోల్‌ను తేలిగ్గా చుట్టుకుంటే సైజు సరిపోయినట్టు. స్క్రోల్ మణికట్టు దగ్గరకు వస్తే ఇంకా సుఖం. వేలికొసలు మాత్రమే అందితే అది పెద్ద వయొలిన్.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వాయించేటప్పుడు చేయి స్క్రోల్ దగ్గర ఉండదు. బిరడాలకు ఇవతల, తీగలు మెడ మీదికి వచ్చే నట్టు దగ్గర ఉంటుంది. అలాంటప్పుడు స్క్రోల్ దాకా చేయి అందాలని ఎందుకు అడగడం? ఫుల్ సైజు వయొలిన్‌లో కింది అంచు నుంచి నట్టు దాకా దూరం సుమారు 48.5 సెంటీమీటర్లు; బిరడాల భాగం, స్క్రోల్ కలిసి మరో 11 సెంటీమీటర్లు. ఆ 11 సెంటీమీటర్లే మోచేయి వంగడానికి దొరికే మిగులు. చేయి పూర్తిగా చాపితేనే నట్టు అందే పిల్లకు ఆ మిగులు ఉండదు. వయొలిన్ వాయించేవారి ఎడమ మోచేయి ఒకచోట స్థిరంగా ఉండదు. సన్నని తీగ మీద వాయించేటప్పుడు అది కొంత ఎడమకు ఉంటుంది. లావు తీగ మీదికి వేళ్ళు వెళ్ళాలంటే వయొలిన్ కింద కుడివైపుకు తిరగాలి. చాపిన చేయి అలా తిరగలేదు. అందువల్ల స్క్రోల్ అందడమనే పరీక్ష నిజానికి మోచేతి స్వేచ్ఛను కొలుస్తోంది. టేపును మెడ దగ్గర మొదలుపెట్టడానికి కారణం కూడా ఇదే: పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ కింది అంచు గడ్డం కింద, మెడకు ఆనుకుని ఉంటుంది.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లన్నీ ఈ రెండు చివరల దగ్గరే జరుగుతాయి. ఒక ఉదాహరణను పూర్తిగా లెక్క వేసి చూస్తే అవి ఎంత దూరం తీసుకుపోతాయో తెలుస్తుంది. ఎనిమిదిన్నరేళ్ళ పాప, ఎత్తు 130 సెంటీమీటర్లు అనుకుందాం. గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, ఎడమ చేతిని భుజం ఎత్తులో పక్కకు చాచి, అరచేయి పైకి తిప్పి ఉంచింది. మోచేయి చాపి ఉండాలి కానీ బిగబట్టి ఉండకూడదు. దర్జీలు వాడే మెత్తని టేపుతో మెడ మొదలు నుంచి కొలిస్తే అరచేయి మధ్యకు 53 సెంటీమీటర్లు, మణికట్టు మడతకు 47.5 వచ్చాయి. పట్టిక ప్రకారం ఈ పాపది హాఫ్ సైజు. 52 సెంటీమీటర్ల హాఫ్ సైజు వయొలిన్ పెడితే స్క్రోల్ అరచేయి మధ్యకు ఒక సెంటీమీటరు ఇవతలే ముగుస్తుంది, వేళ్ళు దాన్ని చక్కగా చుట్టుకుంటాయి.

ఇప్పుడు అదే పాపను ఇంట్లో తొందరలో కొలిచి, అంకెను ఫోనులో దుకాణానికి చెప్పారనుకుందాం. టేపును వేలికొస దాకా లాగితే 61 వస్తుంది. పట్టికలో అది ఫుల్ సైజు. చొక్కా కొలతకు అలవాటుపడిన వాళ్ళు భుజం అంచు నుంచి మొదలుపెడితే అరచేతికి 44 వస్తుంది. పట్టికలో అది పావు సైజు కంటే కూడా కిందిది. మణికట్టు దాకా కొలిచి, అరచేతి కొలతకు రాసిన పట్టికలో చూస్తే 47.5 పావు సైజును చూపిస్తుంది. ఒక్క పాపకు నాలుగు సైజులు తేలాయి, అబద్ధం చెప్పిన అంకె ఒక్కటీ లేదు. మణికట్టు కొలతతో రాసిన పట్టికలు కూడా చెలామణిలో ఉన్నాయి. వాటి హద్దులు అయిదారు సెంటీమీటర్లు తక్కువగా ఉంటాయి. కాబట్టి దుకాణానికి ఒట్టి అంకె పంపకుండా, ఏ చోటి నుంచి ఏ చోటి దాకా కొలిచారో కలిపి రాయాలి. వీలైతే అరచేతి కొలత, మణికట్టు కొలత రెండూ రాయడం మేలు. ఆ రెండింటి మధ్య తేడా ఆ వయసు పిల్లలకు అయిదారు సెంటీమీటర్లు రావాలి. పది వచ్చిందంటే ఎక్కడో టేపు జారింది.

సరైన కొలత వచ్చాక కూడా ఎక్కువమంది తప్పుదోవ పట్టేది పిల్ల పెరుగుతుందన్న ఆలోచనతో. పాపకు హాఫ్ సైజు సరిపోతుందని తేలినా, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కొనాలి కదా అని 3/4 తెస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. అక్కడ వయొలిన్‌ను నెలవారీ అద్దెకు తీసుకుని, పిల్ల ఎదిగినప్పుడు పై సైజుకు మార్చుకునే ఏర్పాటు మామూలు. మన దగ్గర కొనడమే ఎక్కువ కనుక ఖర్చు ఆలోచన న్యాయమైనదే. అయితే ఆ ఖర్చు పిల్ల చేతి మీద ఎలా పడుతుందో వివరంగా చూడాలి.

53 సెంటీమీటర్ల చేతికి 55.5 సెంటీమీటర్ల వయొలిన్ ఇస్తే స్క్రోల్ అరచేయి మధ్యను దాటి వేళ్ళ మొదళ్ళ దాకా పోతుంది. నట్టు అందుతుంది, పాటా వస్తుంది. అందుకే మొదటి నెలలో ఎవరికీ ఏమీ తెలియదు. తర్వాత కనిపించే మొదటి గుర్తు ఎడమ మణికట్టు లోపలికి కూలడం. అరచేయి వయొలిన్ మెడకు అతుక్కుపోతుంది. దూరాన్ని కొంతైనా తగ్గించుకోవడానికి పిల్ల తనకు తెలియకుండానే చేసుకునే సర్దుబాటు ఇది. మణికట్టు అలా కూలితే వేళ్ళు తీగ మీదికి పైనుంచి కాకుండా పక్క నుంచి వాలతాయి, చిటికెన వేలు మరీ పొట్టిదైపోతుంది. చేయి నట్టు దగ్గర ఉండే మొదటి స్థానంలో చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య ఉండవలసిన దూరం తీగ పొడవులో తొమ్మిదింట రెండు వంతులు. ఫుల్ సైజులో అది సుమారు 72 మిల్లీమీటర్లు, 3/4లో 68, హాఫ్‌లో 63. హాఫ్‌కూ 3/4కూ మధ్య తేడా అయిదు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ కూలిన మణికట్టుతో, చాపిన మోచేతితో ఆ అయిదూ అందవు. చిటికెన వేలితో పలికించే స్వరం ప్రతిసారీ ఒకే మేరకు తగ్గు శ్రుతిలో వస్తుంది. పిల్లకు శ్రుతి జ్ఞానం లేదని గురువు అనుకోవడానికి ముందు చూడవలసింది ఇక్కడ. శ్రుతి తెలియని పిల్ల ఒకసారి హెచ్చుగా, ఒకసారి తగ్గుగా వాయిస్తుంది. వయొలిన్ పెద్దదైన పిల్ల మిగిలిన వేళ్ళతో సరిగానే పలికించి చిటికెన వేలి దగ్గర మాత్రం ఎప్పుడూ తగ్గుతుంది.

రెండో గుర్తు భుజం. బరువైన కొస దూరంగా ఉండడంతో స్క్రోల్ నేల వైపు వాలుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఎడమ భుజం చెవి వైపుకు లేస్తుంది, తల ఎడమకు ఒరుగుతుంది. స్క్రోల్ వాలినప్పుడు కమాను కూడా తీగలను బాడీ మీద ఎత్తిపట్టే బ్రిడ్జి దగ్గర నిలవదు, వేళ్ళు తీగను నొక్కే ఫింగర్‌బోర్డు మీదికి జారుతుంది, నాదం పలచబడుతుంది.

కమాను గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎడమ చేతిని కొలిచేవాళ్ళు కుడి చేతిని మరిచిపోతారు. ఫుల్ సైజు కమాను దాదాపు 75 సెంటీమీటర్లు, 3/4ది 68 లేదా 69, హాఫ్ సైజుది 62 దగ్గర ఉంటుంది. కమాను కొస దాకా లాగినప్పుడు అది బ్రిడ్జికి సమాంతరంగా ఉండాలంటే కుడి చేయి ముందుకు చాపుకోగలగాలి. చేయి పొట్టిదైతే చివరి పది సెంటీమీటర్లలో కమాను వెనక్కి తిరిగి వంకరగా పోతుంది. పిల్ల చివరిదాకా లాగడం మానేసి కమాను మధ్య భాగంతోనే సరిపెట్టుకుంటుంది. వయొలిన్ సరైన సైజులో ఉండి, కమాను మాత్రం అక్కదో అన్నదో వాడుతున్న ఇళ్ళలో ఈ లోపం తరచుగా కనబడుతుంది. కొసను కొలవడానికి టేపు అక్కరలేదు. తిన్నగా లాగినప్పుడు కమాను ఎంతవరకు అందుతోందో చూసి, కర్రకు ఆ చోట చిన్న రంగు కాగితం అంటిస్తే చాలు.

ఇప్పటివరకు చెప్పిందంతా వయొలిన్‌ను గడ్డం కింద పెట్టుకుని వాయించే పద్ధతికి. తెలుగు నేల మీద వయొలిన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది కర్ణాటక సంగీతం నేర్చుకుంటారు, వాళ్ళు అలా పట్టుకోరు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుడి పాదాన్ని కొంచెం ముందుకు పెట్టి, స్క్రోల్‌ను ఆ పాదం మడమకు పైభాగాన, చీలమండ దగ్గర ఆనిస్తారు. వయొలిన్ రెండో చివర ఎడమ వైపు ఛాతీకి, భుజానికి మధ్య ఆనుతుంది. రెండు చివరలా ఆధారం ఉంది కాబట్టి ఎడమ చేతి మీద బరువు పడదు, గమకాల కోసం అది తీగ పొడవునా స్వేచ్ఛగా జారుతుంది. పాశ్చాత్య పట్టికను ఈ పద్ధతికి ఉన్నదున్నట్టు వాడినప్పుడు రెండు విషయాలు మారతాయి.

మొదటిది, వయొలిన్ కింది అంచు మెడ దగ్గర కాక, కొన్ని సెంటీమీటర్లు భుజం వైపుకు, కిందికి జరిగి ఉంటుంది. టేపు మెడ దగ్గర మొదలైనా వయొలిన్ మాత్రం అక్కడ మొదలుకాదు. కాబట్టి పట్టిక ఇచ్చిన మిగులులో కొంత ఇక్కడే ఖర్చయిపోతుంది. అంకె హద్దు దగ్గర ఉన్న పిల్ల నిలబడినప్పుడు హాఫ్ సైజును తేలిగ్గా పట్టుకున్నా, కింద కూర్చున్నాక నట్టు దగ్గర రిషభ ధైవతాలు పలికించడానికి మోచేయి చాపవలసి రావచ్చు. రెండోది, ఈ పద్ధతిలో చేతితో పాటు మొండెమూ కాలూ కూడా కొలతలో భాగమవుతాయి. స్క్రోల్ పాదానికి ఆనాలి కదా. వయొలిన్ మరీ పెద్దదైతే పిల్ల కుడి కాలిని ముందుకు తోసి, మోకాలు నేలకు దూరంగా లేపి కూర్చుంటుంది. మరీ చిన్నదైతే స్క్రోల్ పాదాన్ని అందుకోదు. దాన్ని ఆనించడానికి పిల్ల నడుము వంచి ముందుకు కూలబడుతుంది. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ కాస్త చిన్నదైతే నాదం తగ్గుతుందే గాని ఒంటికి నష్టం లేదు. కర్ణాటక పద్ధతిలో చిన్న వయొలిన్ కూడా వెన్నును వంచుతుంది. అందువల్ల ఇక్కడ రెండు వైపులా హద్దు ఉంది, టేపు ఆ రెండో హద్దును చూపించలేదు. పట్టికతో ఒక సైజును ఎంచుకుని, ఆ పిల్లను నేల మీద కూర్చోబెట్టి పక్క నుంచి చూడడమే దారి. వీపు నిటారుగా ఉండి, స్క్రోల్ పాదానికి ఆని, నట్టు దగ్గర చూపుడు వేలు పెట్టినప్పుడు మోచేయి ఇంకా వంగి ఉంటే ఆ సైజు సరైనదే. కుర్చీలో కూర్చోబెట్టి కొలిచి ఇంటికి పంపే దుకాణంలో ఈ పరీక్ష జరగదు కాబట్టి, కొనేముందు గురువు ముందు ఒకసారి కూర్చోబెట్టడం అవసరం.

చిన్న వయొలిన్ల గురించి కర్ణాటక గురువులకు ఉండే అసంతృప్తికి ఇంకొక కారణం తీగల బిగువు. తీగ పొడవు తగ్గించి అదే తీగను అదే శ్రుతికి కడితే బిగువు పొడవు వర్గం లెక్కన పడిపోతుంది. హాఫ్ సైజు తీగ పొడవు ఫుల్ సైజులో దాదాపు 0.87 వంతు ఉంటుంది కాబట్టి, పెద్ద వయొలిన్ తీగను దానికి కడితే బిగువు నాలుగింట మూడు వంతులే మిగులుతుంది. అందుకే హాఫ్ సైజుకు బరువు పెంచిన తీగలు విడిగా తయారుచేస్తారు, పొట్లం మీద సైజు రాసి ఉంటుంది. తీగను పాశ్చాత్య శ్రుతి కంటే కిందికి దించి కట్టడం కర్ణాటక పద్ధతిలో మామూలు కనుక ఇక్కడ బిగువు మరింత తగ్గి, కమాను కొద్దిగా నొక్కగానే శ్రుతి వణుకుతుంది. ఇది వయొలిన్ సైజు తప్పు కాదు, తీగ ఎంపికలో తప్పు. పిల్లను తొందరపడి పెద్ద సైజుకు మార్చే ముందు తీగల పొట్లం చూడడం మంచిది.

గిటార్ దగ్గరికి వచ్చేసరికి అవే భిన్నాలు ఇంకొక అర్థంలో వాడతారు. మామూలు క్లాసికల్ గిటార్‌లో నట్టు నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. బాగా దొరికే 3/4 గిటార్లలో అది 580 దగ్గర, 1/2 గిటార్లలో 535 దగ్గర ఉంటుంది. 650లో 580 అంటే తగ్గింది ఇంచుమించు తొమ్మిదో వంతు. వయొలిన్‌లో హాఫ్ అన్నదీ గిటార్‌లో 3/4 అన్నదీ దాదాపు ఒకే మేరకు తగ్గినవన్నమాట. అన్న హాఫ్ సైజు వయొలిన్ వాయిస్తున్నాడని అదే ఎత్తున్న చెల్లెలికి హాఫ్ సైజు గిటార్ కొంటే అది చిన్నదయ్యే అవకాశం ఎక్కువ. పైన చెప్పిన 130 సెంటీమీటర్ల పాప గిటార్ పట్టికల్లో 1/2కూ 3/4కూ మధ్య హద్దు మీద నిలుస్తుంది.

గిటార్‌కు చేతి పొడవు కొలత ఒక వైపు హద్దును మాత్రమే చెబుతుంది. గిటార్ ఒళ్ళో అడ్డంగా ఉంటుంది. ఎడమ చేయి మెడ మీద మెట్టులా ఉండే మొదటి ఫ్రెట్ దాకా వెళ్ళినప్పుడు ఎడమ భుజం ముందుకు లాగబడకూడదు, కుడి చేయి బాడీ మీదుగా వాలినప్పుడు కుడి భుజం పైకి లేవకూడదు. ఈ రెండూ కుర్చీలో కూర్చోబెట్టి అద్దం ముందు చూస్తే తెలిసిపోతాయి. కానీ ముందు విఫలమయ్యేది సాధారణంగా భుజం కాదు, వేళ్ళ చాపు. వయొలిన్‌లో నాలుగు వేళ్ళ మధ్య దూరం ఫుల్ సైజులో కూడా 72 మిల్లీమీటర్లే. గిటార్‌లో చూపుడు వేలు మొదటి ఫ్రెట్ దగ్గర, చిటికెన వేలు నాలుగో ఫ్రెట్ దగ్గర పెట్టాలంటే ఆ రెండు ఫ్రెట్ల మధ్య దూరం 650 మిల్లీమీటర్ల గిటార్‌లో సుమారు 98 మిల్లీమీటర్లు, 580లో 87, 535లో 80. వీణ మెట్ల లాగానే ఫ్రెట్లు కూడా నట్టు దగ్గర ఎడంగా, బ్రిడ్జి వైపు పోయేకొద్దీ దగ్గరగా ఉంటాయి. మొదట్లో నేర్పే పాఠాలన్నీ ఎడం ఎక్కువగా ఉన్న చోటే మొదలవుతాయి. కాబట్టి చేతి పొడవు 3/4 గిటార్‌కు సరిపోయినా చిన్న అరచేయి ఉన్న పిల్లకు ఆ 87 మిల్లీమీటర్లు అందకపోవచ్చు. టేపుతో కొలవవలసిన రెండో దూరం ఇదే: ఎడమ అరచేతిని బల్ల మీద బోర్లించి, నొప్పి లేకుండా వేళ్ళు విప్పినప్పుడు చూపుడు వేలి కొస నుంచి చిటికెన వేలి కొసకు ఎంత ఉందో చూడాలి. గిటార్ మీద వేళ్ళు వంగి దిగుతాయి కనుక బల్ల మీద వచ్చిన కొలత ఫ్రెట్ల దూరం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటేనే అది నిజంగా అందినట్టు.

గిటార్ విషయంలో వయొలిన్‌కు లేని ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో ఫుల్ సైజు గిటార్, ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే కాపో అనే క్లిప్పు ఉంటే కొనకుండానే చిన్న గిటార్‌ను పరీక్షించవచ్చు. రెండో ఫ్రెట్ మీద కాపో బిగిస్తే మిగిలే తీగ పొడవు 650లో సుమారు 0.89 వంతు, అంటే 579 మిల్లీమీటర్లు; ఫ్రెట్ల ఎడం 3/4 గిటార్‌తో సరిగ్గా సమానం. మూడో ఫ్రెట్ మీద బిగిస్తే దాదాపు 547, నాలుగో దాని మీద 516. 1/2 గిటార్ ఈ రెండింటి మధ్య వస్తుంది. కాపో పెట్టి, దాని అవతలి నాలుగు ఫ్రెట్లలో నాలుగు వేళ్ళనూ ఒక్కొక్కటిగా దింపమనాలి. చిటికెన వేలు దిగేసరికి చూపుడు వేలు తీగ మీంచి లేచిపోతుంటే ఆ సైజు ఇంకా పెద్దదే. ఈ పరీక్ష వేళ్ళ చాపును మాత్రమే చెబుతుంది. బాడీ పెద్దదే కాబట్టి భుజాల సంగతి, మెడ వెడల్పు సంగతి చెప్పదు. తీగలు నైలాన్‌వై ఉండడం మేలు. స్టీలు తీగల గిటార్ మీద పరీక్షిస్తే పిల్ల వేలు ఎత్తేది దూరం వల్లనో నొప్పి వల్లనో తేలదు.

మళ్ళీ ఎప్పుడు కొలవాలన్న ప్రశ్నకు పట్టికలోనే సమాధానం ఉంది. ఐదు నుంచి పదేళ్ళ మధ్య పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతారు. మెడ నుంచి అరచేతి దాకా ఉండే పొడవు ఎత్తులో ఇంచుమించు ఐదింట రెండు వంతులు కాబట్టి అది ఏడాదికి రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా పెరుగుతుంది. హాఫ్ సైజు మొదలయ్యే 51కీ, 3/4 మొదలయ్యే 56కీ మధ్య ఎడం అయిదు సెంటీమీటర్లు. అంటే సరిగ్గా హద్దు దగ్గర మొదలుపెట్టిన పిల్లకు ఒక సైజు రెండేళ్ళకు పైగా వస్తుంది. 53 దగ్గర మొదలుపెట్టిన మన పాపకు ఏడాదిన్నర దాకా వస్తుంది. ఆమెకు ముందే 3/4 కొన్నవాళ్ళు మిగుల్చుకునేది ఒక హాఫ్ సైజు వయొలిన్ ఖరీదు. అది కూడా పూర్తిగా కాదు, ఎందుకంటే చిన్న సైజు వయొలిన్లు అదే గురువు దగ్గర కొత్తగా చేరే పిల్లలకు అమ్ముడుపోతాయి. ఆరు నెలలకోసారి అవే రెండు చోట్ల టేపు పెట్టి, తేదీతో సహా అంకెను వయొలిన్ పెట్టె మూత లోపల పెన్సిల్‌తో రాసి ఉంచితే, వయొలిన్ చిన్నదైన రోజు గురువు చెప్పకముందే తెలుస్తుంది. అంకె 56 దాటాక కూడా వెంటనే మార్చవలసిన తొందర లేదు. చిన్న వయొలిన్ మీద ఆరు నెలలు ఎక్కువ వాయించిన పిల్లకు నాదం కొంత పలచగా వస్తుందే తప్ప వేళ్ళు చెడిపోవు. కర్ణాటక పద్ధతిలో మాత్రం అంకెతో పాటు వీపును కూడా చూడాలి. స్క్రోల్‌ను పాదానికి చేర్చడానికి నడుము వంగడం మొదలైందంటే టేపు ఇంకా 55 చూపిస్తున్నా సైజు మార్చవలసిన రోజు వచ్చినట్టే.